దూలం కూలేదెప్పుడు? – షేప్ ఫాక్టరు, కొలాప్స్ లోడు

నేను బి.టెక్. చదివింది సివిల్ ఇంజనీరింగు. ఆ తరువాత నా తోటివాళ్ళు చాలామంది చేసినట్టే అమెరికా వచ్చి, కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసి, ఐ.టి. కన్సల్టెంటునై ఇక్కడే స్థిరపడ్డాను. ఉక్కు దూలాల జోలికి వెళ్ళి చాలా కాలమే అయింది. కాకినాడలో సివిల్ మూడో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు ఈమధ్య ఫోనులో ఓ ప్రశ్న వేసి నన్ను మళ్ళీ అటు లాగాడు. వాడి ప్రశ్న ఇదీ: "మామయ్యా, ఈ దూలం షేప్ ఫాక్టరు 1.14 అని పట్టికలో ఉంది. అంటే మొదట లొంగిన బరువు కన్నా పధ్నాలుగు శాతం ఎక్కువ మోసి కూలిపోవాలి కదా? మరి జవాబులో యాభై శాతం ఎక్కువ మోస్తుందని ఉందేమిటి? అచ్చుతప్పా?"

అచ్చుతప్పు కాదు. ఆ పధ్నాలుగు శాతం ఎక్కడిదో, మిగతాది ఎక్కడిదో విడదీసి చెప్పడమే ఈ వ్యాసం పని. వాడి లెక్కలోని దూలాన్నే తీసుకుందాం. అది మన దేశంలో ఏ ఇనుప కొట్టులో అడిగినా దొరికే ఐ.ఎస్.ఎం.బి. 300, అంటే 300 మిల్లీమీటర్ల ఎత్తున్న 'ఐ' ఆకారపు ఉక్కు దూలం. పొడవు 6 మీటర్లు. రెండు చివరలూ కదలకుండా, తిరగకుండా గట్టిగా బిగించి ఉన్నాయి. పైన బరువు పొడవునా సమానంగా పరచుకుని ఉంది.

ఉక్కు ఎలా లొంగుతుంది?

ముందు ఉక్కు స్వభావం గురించి నాలుగు ముక్కలు. మామూలు కట్టడపు ఉక్కును లాగితే, చదరపు మిల్లీమీటరుకి 250 న్యూటన్ల ఒత్తిడి వచ్చేదాకా అది రబ్బరులా ప్రవర్తిస్తుంది. లాగినకొద్దీ సాగుతుంది, వదిలేస్తే వెనక్కి వెళ్ళిపోతుంది. అక్కడికి చేరేసరికి మీటరు పొడవున్న ఊచ సాగేది 1.25 మిల్లీమీటర్లు మాత్రమే. ఆపైన అది లొంగిపోతుంది. లొంగడమంటే తెగిపోవడం కాదు. ఒత్తిడి అదే 250 దగ్గర నిలిచి ఉండగా ఊచ సాగుతూ పోతుంది. అలా మొదటి సాగుకి సుమారు పదిరెట్లు సాగాక గానీ మళ్ళీ బిగుసుకోవడం మొదలుపెట్టదు. తెగడం ఇంకా చాలా దూరంలో ఉంటుంది. పోతపోసిన ఇనుముకీ, గాజుకీ ఈ గుణం లేదు. కాబట్టి ఇకముందు చెప్పబోయేదేదీ వాటికి వర్తించదు.

ఇప్పుడు దూలాన్ని వంచుదాం. లెక్క తేలికగా ఉండటానికి ముందు 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రపు కడ్డీని తీసుకుందాం. కిందికి వంచితే పై సగం నొక్కుకుంటుంది, కింది సగం సాగుతుంది, సరిగ్గా మధ్యలో ఏమీ ఉండదు. అంచుకి వెళ్ళినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అంచు 250ని తాకిన క్షణంలో పై సగంలో ఉన్న సగటు ఒత్తిడి 125 మాత్రమే. దాని మొత్తం బలం 312.5 కిలోన్యూటన్లు. కింది సగంలోనూ అంతే. ఈ రెండు బలాల మధ్య దూరం 66.7 మిల్లీమీటర్లు. రెంటినీ గుణిస్తే 20.8 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. ఇది యీల్డ్ మొమెంటు. పాత పద్ధతిలో లెక్కలు వేసేవారికి కథ ఇక్కడితో సరి.

కానీ కడ్డీ ఇక్కడ ఆగదు. అంచు లొంగిపోయింది గానీ లోపలి ఉక్కు ఇంకా పూర్తిగా పనిలోకి దిగలేదు. ఇంకా వంచితే అంచు 250 దగ్గరే ఉండి సాగుతుంది, ఆ పక్క పొర 250కి వస్తుంది, తరువాత దాని పక్క పొర. చివరికి పై సగమంతా 250తో నొక్కుకుని, కింది సగమంతా 250తో సాగి ఉంటుంది. బలం 625 కిలోన్యూటన్లకి పెరిగింది, అంటే రెట్టింపయింది. కానీ రెండు బలాల మధ్య దూరం 50 మిల్లీమీటర్లకి, అంటే ముప్పాతిక వంతుకి, తగ్గింది. రెట్టింపుని ముప్పాతికతో గుణిస్తే ఒకటిన్నర. కొత్త మొమెంటు 31.25 కిలోన్యూటన్ మీటర్లు. దీన్నే ప్లాస్టిక్ మొమెంటు అంటారు. రెంటి నిష్పత్తి 1.5. ఇదే షేప్ ఫాక్టరు. ఉక్కు రకం మారినా, కడ్డీ కొలతలు మారినా దీర్ఘచతురస్రానికి ఇది 1.5 గానే ఉంటుంది, ఎందుకంటే ఇది ఆకారానికి సంబంధించిన సంఖ్య మాత్రమే.

గుండ్రటి కడ్డీకి ఇది 1.70. మూల మీద నిలబెట్టిన చతురస్రానికి ఏకంగా 2. మరి 'ఐ' దూలానికి 1.14 మాత్రమే ఎందుకు? తక్కువ కాబట్టి నాసిరకమనుకునేరు! నిజానికి అదొక మెచ్చుకోలు. 'ఐ' దూలంలో ఉక్కులో ఎక్కువ భాగం పైనా కిందా ఫ్లాంజిల్లోనే ఉంటుంది. అంచు 250ని తాకేసరికి ఫ్లాంజి అంతా దాదాపు 250 దగ్గరే ఉంటుంది. ఇంకా పనిలోకి దిగాల్సింది మధ్యలో ఉన్న పలచటి వెబ్బు మాత్రమే. షేప్ ఫాక్టరు ఎక్కువగా ఉందంటే, మొదటి లొంగుబాటు నాటికి ఆ ఆకారంలో ఎంత ఉక్కు ఊరికే కూర్చుని ఉందో చెబుతోందన్నమాట.

మా వాడి దూలానికి సెక్షన్ మాడ్యులస్ 573.6 ఘన సెంటీమీటర్లు, ప్లాస్టిక్ మాడ్యులస్ 651.7. ఐ.ఎస్. 800 అనే మన ఉక్కు ప్రమాణపు 2007 ప్రతిలో ఈ అంకెలు పట్టికగా ఉన్నాయి. వీటిని 250తో గుణిస్తే యీల్డ్ మొమెంటు 143.4 కిలోన్యూటన్ మీటర్లు, ప్లాస్టిక్ మొమెంటు 162.9. నిష్పత్తి 1.136. మేనల్లుడు చెప్పిన పధ్నాలుగు శాతం ఇదే. అయితే ఇది దూలంలో ఒక్కచోట అడ్డంగా కోసి చూసిన ముక్క గురించి చెప్పిన మాట. మొత్తం దూలం గురించి ఇంకా మనం ఏమీ మాట్లాడలేదు.

ముక్క నుంచి దూలానికి

ఒకచోట మొమెంటు 162.9కి చేరితే అక్కడ ఏమవుతుంది? ఆ చోటు ఇంకొంచెం కూడా ఎక్కువ మొమెంటు తీసుకోదు, కానీ ఉన్నదాన్ని వదలదు. అదే పట్టుతో తిరుగుతూ ఉంటుంది. తుప్పుపట్టిన మడతబందును గుర్తు తెచ్చుకోండి. తలుపును కొంత బలంతో తోస్తే గానీ కదలదు, కదిలాక కూడా ఆ బలంతో తోస్తూనే ఉండాలి. ఇంజనీర్లు దీన్ని ప్లాస్టిక్ హింజ్ అంటారు. నేను మడతబందు అనే అంటాను.

రెండు చివరలూ బిగించిన దూలంలో ఒక విషయం ఎప్పుడూ నిజం. చివర దగ్గరి మొమెంటునీ నడిమి మొమెంటునీ కలిపితే wL²/8 రావాలి. ఇది కేవలం సమతౌల్యం. ఉక్కు రబ్బరులా ఉన్నా, లొంగిపోయినా మారదు. మారేది ఆ మొత్తాన్ని ఆ రెండు చోట్లూ ఎలా పంచుకుంటాయన్నదే. రబ్బరు దశలో చివరలు రెండు వంతులు, నడుము ఒక వంతు మోస్తాయి. కాబట్టి చివర 143.4కి చేరి లొంగేసరికి నడుములో 71.7 మాత్రమే ఉంటుంది. రెండూ కలిపితే 215.1. 6 మీటర్ల పొడవుకి ఇది మీటరుకి 47.8 కిలోన్యూటన్ల బరువు. ఇదీ మొదటి లొంగుబాటు.

బరువు ఇంకా పెంచుదాం. మీటరుకి 54.3 దగ్గర చివరలు రెండూ 162.9కి చేరి మడతబందులవుతాయి. షేప్ ఫాక్టరు తెచ్చిపెట్టిన లాభం ఇక్కడితో అయిపోయింది. మా వాడు ఆగింది కూడా ఇక్కడే. కానీ దూలం కూలలేదే! నడుములో ఇంకా సగం శక్తి, అంటే 81.4, మిగిలి ఉంది. చివరలు 162.9 దగ్గర నిలిచిపోయి తిరుగుతుంటే, ఇకమీదట పడే ప్రతి బరువునీ నడుము ఒక్కటే మోస్తుంది. ఇప్పుడది రెండు చివరలూ ఊరికే ఆనించిన దూలంలా పనిచేస్తోంది. నడుము కూడా 162.9కి వచ్చినప్పుడు మూడో మడతబందు పడుతుంది. మూడు మడతబందులు ఒకే వరసలో ఉంటే అది దూలం కాదు, మడత పడే యంత్రం. అప్పటి మొత్తం 162.9 + 162.9 = 325.8, బరువు మీటరుకి 72.4 కిలోన్యూటన్లు. కొలాప్స్ లోడు ఇదీ.

72.4ని 47.8తో భాగిస్తే 1.515. అందులో 1.136 ఆకారం ఇచ్చింది, మిగతా 1.333 చివరలు బిగించి ఉండటం వల్ల వచ్చింది. రెండూ గుణించుకుంటాయి. పంపకం 2:1 నుంచి 1:1కి మారడమే ఆ 1.333. పెద్ద వాటా దీనిదే. ఇదే దూలాన్ని రెండు గోడల మీద ఊరికే ఆనిస్తే పంచుకోవడానికి ఇంకో చోటే లేదు. ఒక్క మడతబందుతోనే కూలుతుంది. అప్పుడు లొంగుబాటు 31.9 దగ్గర, కూలడం 36.2 దగ్గర. ఆ దూలానికైతే మా వాడి పధ్నాలుగు శాతం అక్షరాలా నిజం.

మూడు మడతబందులు పడితే గానీ కూలదన్న సంగతిని ప్రయోగం చేసి చూపినవాడు హంగెరీ ఇంజనీరు గాబోర్ కజింజీ, 1914లో. ఆ మాటను కట్టడాల లెక్కల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన జాన్ బేకర్. ఆయన ఆ దారి పట్టడానికి కారణం తెలుసుకోదగ్గది.

పునాది కుంగితే?

బ్రిటనులో 1929లో ఉక్కు కట్టడాల మీద ఒక పరిశోధనా సంఘం ఏర్పడింది. బేకర్ అందులో పనిచేశాడు. వాళ్ళు నిజమైన భవనాల మీద కొలిచే పరికరాలు పెట్టి ఉక్కులో ఒత్తిళ్ళు ఎంతున్నాయో చూశారు. లెక్క కట్టిన ఒత్తిళ్ళకీ కొలిచిన ఒత్తిళ్ళకీ పెద్దగా పొంతన కనిపించలేదు. తప్పు గుణకారంలో లేదు. ఆ ఒత్తిళ్ళు మనకి తెలియని చిన్నచిన్న విషయాల మీద ఆధారపడి ఉంటాయి. బోల్టు ఎంత బిగిసింది, దూలం ఒక పిసరు పొట్టిగా వచ్చిందా, పునాది ఎంత కుంగింది, ఇలాంటివి.

మన దూలంతోనే చూద్దాం. ఒక చివర పునాది 10 మిల్లీమీటర్లు కుంగిందనుకోండి. గోడకి బీట కూడా పడకపోవచ్చు. కానీ 6EIδ/L² అనే సూత్రంలో మన దూలం అంకెలు వేస్తే, కుంగని చివరలో 28.7 కిలోన్యూటన్ మీటర్ల మొమెంటు ఏ బరువూ లేకుండానే వచ్చి కూర్చుంటుంది. లొంగడానికి ఇక మిగిలింది 114.7. మొదటి లొంగుబాటు 47.8 నుంచి 38.2కి పడిపోయింది. ఇరవై శాతం పోయింది, అదీ ఎవరూ ముందుగా చెప్పలేని కుంగుబాటు వల్ల.

మరి కొలాప్స్ లోడు? అది 72.4 గానే ఉంటుంది, రవ్వంత కూడా మారదు. కుంగని చివర ముందుగా మడతబందు అవుతుంది, రెండోది ఆలస్యంగా అవుతుంది, అంతే తేడా. ఆఖరికి మూడు చోట్లా 162.9 ఉంటుంది, మొత్తం 325.8 అవుతుంది. అక్కడికి ఏ దారిన చేరామన్నది ఆ లెక్కకి అక్కర్లేదు. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు విలువ ఇక్కడే ఉంది. ఉక్కు ఆదా అవుతుందన్నది రెండో సంగతి. మొదటి లొంగుబాటనే అంకె చాలా కచ్చితంగా కనిపిస్తుంది గానీ మనకి తెలియని వాటిమీద నిలబడి ఉంటుంది. కొలాప్స్ లోడు మోటుగా కనిపిస్తుంది గానీ మనకి తెలిసినవాటి మీదే నిలబడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో బేకర్ ఈ ఆలోచనతోనే మారిసన్ షెల్టరు రూపొందించాడు. 1941లో బ్రిటిష్ ఇళ్ళకు పంచిన ఆ ఉక్కు బల్ల కింద, బాంబుదాడి రాత్రుల్లో కుటుంబం పడుకునేది. పై అంతస్తు కూలి మీద పడితే అది వంగాలి, కానీ విరిగిపోకూడదు. వంగుతూ ఆ దెబ్బని మింగెయ్యాలి. రబ్బరు దశలోనే ఉండి ఆ దెబ్బకి తట్టుకోవాలంటే అంత బరువైన బల్లను ఏ ఇంట్లోనూ పెట్టలేరు.

మడతబందు ఎక్కడ పడుతుంది?

పైన తీసుకున్న దూలం సమంగా ఉంది కాబట్టి మడతబందులు ఎక్కడ పడతాయో చూడగానే తెలిసింది. ఒక చివర బిగించి, రెండో చివర ఊరికే ఆనిస్తే అంత తేలిక కాదు. ఇక్కడ రెండు మడతబందులు చాలు. ఒకటి బిగించిన చివర పడుతుంది, సందేహం లేదు. రెండోది? నడిమధ్యనే అనేసుకుందాం. బరువు కిందికి దిగుతూ చేసిన పనీ, మడతబందులు తిరుగుతూ మింగిన పనీ సమానమని రాస్తే, ఆనించిన చివర నుంచి x దూరంలో మడతబందు ఉన్నప్పుడు బరువు ఇలా వస్తుంది:

w = (2Mp/L) × [2/(L−x) + 1/x]

x = 3 మీటర్లు వేస్తే మీటరుకి 54.3. ఇందాక కూడా 54.3 వచ్చింది గానీ ఆ రెంటికీ సంబంధం లేదు, యాదృచ్ఛికమే. ఈ జవాబు నమ్మవచ్చా? మడతబందుల చోటు ఊహించి వేసే లెక్కకి ఒక చెడ్డ గుణం ఉంది. ఊహ తప్పైతే జవాబు ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువే వస్తుంది. అంటే దూలం మోయలేని బరువును మోస్తుందని చెబుతుంది. ప్రమాదం ఉన్న వైపుకే తప్పుతుంది. కాబట్టి అన్ని చోట్లూ వేసి చూసి, అతి తక్కువదాన్ని పట్టుకోవాలి. చేత్తో చేస్తే కలనగణితం కావాలి. నాలాంటివాడికి నాలుగు లైన్ల పైథాన్ చాలు:

```python
L, Mp = 6.0, 162.9
xs = [i * 0.01 for i in range(1, 600)]
w, x = min((2*Mp/L * (2/(L-x) + 1/x), x) for x in xs)
print(round(w, 2), round(x, 2))
```

జవాబు 52.75, x దాదాపు 2.49 మీటర్లు. మడతబందు నడిమధ్య కాదు, ఆనించిన చివర వైపుకి అర మీటరు జరిగింది.

కంప్యూటరు లేకపోయినా ఊహ తప్పని కనిపెట్టడానికి మంచి ఉపాయం ఉంది. 54.3 బరువుతో, బిగించిన చివరా నడిమధ్యా 162.9 ఉంచి, దూలం పొడవునా మొమెంటు గీసి చూడండి. ఆనించిన చివర నుంచి 2.5 మీటర్ల దగ్గర అది 169.7 వస్తుంది. 162.9కి మించి మోయలేని దూలం 169.7 ఎలా మోస్తుంది? అక్కడే దొరికిపోయింది. ఇప్పుడు బరువును అదే నిష్పత్తిలో, అంటే 4 శాతం, తగ్గించండి. 52.1 వస్తుంది. ఈ బరువు దగ్గర మొమెంట్లన్నీ సమతౌల్యంలో ఉన్నాయి, ఎక్కడా 162.9 దాటలేదు. అలాంటి పంపకం ఒక్కటి చూపగలిగితే దూలం ఆ బరువుకి కూలదని సిద్ధాంతం చెబుతుంది. అంటే అసలు జవాబు 52.1కీ 54.3కీ మధ్య ఉంది. ఒకే ఒక్క తప్పు ఊహతో ఇంత దగ్గరికి వచ్చేశాం. పరీక్షలో అయినా, పనిలో అయినా రెండో సగం లెక్క వెయ్యకుండా మొదటి సగంతో ఆగిపోకూడదు.

ఈ లెక్క ఎక్కడ పనికిరాదు?

ఇంతసేపూ మడతబందు తిరుగుతూ ఉంటుందని ధీమాగా చెప్పాను. తిరిగేలోపే ఫ్లాంజి రేకులా ముడత పడితే 162.9 నిలవదు, పడిపోతుంది. అందుకే ఐ.ఎస్. 800 సెక్షన్లను నాలుగు తరగతులుగా విడదీసింది. ఈ లెక్కలో మడతబందు పడే చోట మొదటి తరగతి సెక్షను ఉండాలి. ఆ తరగతికి మన ఉక్కులో ఫ్లాంజి సగం వెడల్పు దాని మందానికి 9.4 రెట్లు మించకూడదు. మన దూలానిది 70 మిల్లీమీటర్లకి 12.4, అంటే ఆరు రెట్లు కూడా లేదు. నిశ్చింతగా ఉండవచ్చు. పలచటి ప్లేట్లు అతికి చేసిన దూలాలకి ఈ భరోసా లేదు.

రెండోది, దూలం పక్కకి పొర్లడం. నొక్కుకునే ఫ్లాంజిని పక్కకి పోకుండా ఏదో ఒకటి పట్టి ఉంచాలి. పైన కాంక్రీటు శ్లాబు ఉంది కదా అంటారు. నడుములో నొక్కుకునేది పై ఫ్లాంజే కాబట్టి అక్కడ సరే. బిగించిన చివరల్లో వంపు తిరగబడుతుంది, నొక్కుకునేది కింది ఫ్లాంజి. దాన్ని శ్లాబు పట్టుకోదు. మొదటి మడతబందులు పడేదీ, ఎక్కువ తిరగాల్సిందీ ఆ చోట్లే. అక్కడ కింది ఫ్లాంజికి పక్క నుంచి ఆధారం ఇవ్వకపోతే 72.4 కాగితం మీదే ఉంటుంది.

ఇక చివరి అతుకు. బోల్టులూ వెల్డింగూ 162.9 మోయాలి, కాస్త ఎక్కువే మోయాలి, ఎందుకంటే 250 అని రాసి ఉన్న ఉక్కు తరచు అంతకన్నా గట్టిగా ఉంటుంది. దూలం గట్టిగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు దూలం కన్నా ముందు అతుకు పోతుంది, అతుకు దూలంలా సాగి తిరగదు. మన లెక్కలో చివర కోతబలం కూడా కొంచెం ఎక్కువే. ఐ.ఎస్. 800 ప్రకారం చూస్తే దానివల్ల చివరి ప్లాస్టిక్ మొమెంటు మూడు శాతం దాకా తగ్గుతుంది. ఈ వ్యాసంలో దాన్ని వదిలేశాను, డ్రాయింగు మీద సంతకం పెట్టేవాళ్ళు వదలకూడదు.

మేనల్లుడి ఆఖరి సందేహం, రోజూ వాడుకునే దూలం అలా లొంగి వంగిపోయి ఉంటే ఎవరైనా ఆ గదిలో కూర్చుంటారా అని. లెక్క వేసి చూడండి. 72.4ని ఉక్కు కోసం 1.1తోనూ, బరువు కోసం 1.5తోనూ భాగిస్తే రోజువారీ బరువు మీటరుకి 43.9 కిలోన్యూటన్లు. పునాది కుంగని దూలం 47.8 దాకా లొంగదు. కాబట్టి రోజూ అది రబ్బరు దశలోనే ఉంటుంది. నడుము దగ్గర దిగేది 8.6 మిల్లీమీటర్లు. పొడవులో మూడువందలో వంతు, అంటే 20 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకునే చోట ఇది సగం కూడా కాదు. పది మిల్లీమీటర్లు కుంగిన దూలం మాత్రం 38.2 దగ్గరే ఒక చివర లొంగుతుంది. మొదటిసారి పూర్తి బరువు పడ్డప్పుడు అక్కడ కాస్త శాశ్వతంగా వంగి సర్దుకుంటుంది. ఆ తరువాత అదే బరువు తీసి మళ్ళీ పెట్టినా మళ్ళీ లొంగదు.